వ్యాసానికి మార్కులు: గడిలో రాయాల్సిన మాట

అమెరికాలో పిల్లల రాతను కొలిచే పద్ధతుల మీద చాలా ఏళ్లు పనిచేసిన పాల్ డీడరిక్, మరో ఇద్దరితో కలిసి 1961లో ఒక అధ్యయనం వెలువరించారు. కాలేజీ మొదటి ఏడాది విద్యార్థులు రాసిన 300 వ్యాసాలను 53 మంది చేతికిచ్చారు. వాళ్లలో ఇంగ్లిషు అధ్యాపకులున్నారు, సైన్సు, సోషల్ సైన్సు అధ్యాపకులున్నారు, రచయితలు, సంపాదకులు, న్యాయవాదులు, వ్యాపార సంస్థల అధికారులూ ఉన్నారు. ఎలా దిద్దాలో ఎవరికీ చెప్పలేదు. మీకు తోచినట్టు బాగున్నవీ బాగాలేనివీ వేరుచేసి తొమ్మిది దొంతరలుగా పేర్చమన్నారు. నూటికి 94 వ్యాసాలు కనీసం ఏడు వేర్వేరు దొంతరల్లో తేలాయి. అయిదు కంటే తక్కువ దొంతరల్లో పడ్డ వ్యాసం ఒక్కటి కూడా లేదు.

ఈ అంకెలను చూపించి, వ్యాసాలకు మార్కులు వేయడమంటే అంతా అదృష్టమేనని చెప్పేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ అధ్యయనంలోని రెండో భాగమే ముఖ్యం. ఎవరి అభిప్రాయం ఎవరితో కలుస్తోందో లెక్కకట్టి చూస్తే, దిద్దినవాళ్లు అయిదు గుంపులుగా విడిపోయారు. ఒక గుంపు ఆలోచనలను చూసింది. ఒకటి అమరికను, ఒకటి వ్యాకరణ దోషాలను, ఒకటి పదాల ఎంపికను చూసింది. ఇంకొకటి రాతలో తొణికిసలాడే రాసినవాడి సొంత గొంతును చూసింది. ఎవరూ అశ్రద్ధగా దిద్దలేదు. తలొకరూ తలొక సంగతిని కొలిచారు, కొలిచినదాన్ని ఒకే అంకెలో చెప్పారు. అందుకే ఆ అంకెలు కలవలేదు.

అంశాలవారీ రూబ్రిక్ పుట్టింది ఈ చిక్కును విప్పడానికే. వ్యాసం మొత్తానికి ఒక మార్కు వేయకుండా, మనం ఏమేం చూస్తామో ముందే విడదీసి, ఒక్కోదానికి మెట్లు పెట్టి, ఏ మెట్టు మీదున్న రాత ఎలా ఉంటుందో మాటల్లో రాసిపెట్టుకునే పట్టిక అది. నిలువుగా అంశాలు, అడ్డంగా స్థాయిలు, మధ్యలో గడులు. గీతలు గీయడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ గడుల్లో రాసే మాటల దగ్గరే రూబ్రిక్ నిలబడుతుంది, లేదా కూలిపోతుంది. కాబట్టి ఒకే పట్టికను, అందులోనూ ఎక్కువగా ఒకే వరుసను తీసుకుని, అది ఎలా తయారవుతుందో చూద్దాం.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ వ్యాసం ఇచ్చామనుకుందాం: “ఒంటిపూట బడులు మార్చి మధ్యలో కాకుండా ఫిబ్రవరి చివరి నుంచే మొదలుపెట్టాలా, వద్దా? మీ పక్షం ఎంచుకుని, విద్యాశాఖ అధికారిని ఒప్పించేలా రాయండి.” ఇది మన రెండు రాష్ట్రాల పిల్లలకూ ఒంటికి తగిలే విషయం. రెండు వైపులా చెప్పడానికి సంగతులున్నాయి. ఎవరిని ఒప్పించాలో కూడా ప్రశ్నలోనే ఉంది. ఆ చివరి మాట లేకపోతే పిల్లలు వేసవికాలం మీద వ్యాసం రాసిపెడతారు. దాన్ని ఒప్పించే రాతగా కొలవడం ఎవరి తరమూ కాదు. రూబ్రిక్ సరిగా పనిచేయలేదని అనుకున్న చాలా సందర్భాల్లో అసలు లోపం ప్రశ్నలోనే ఉంటుంది.

ఇప్పుడు అంశాలు. నేనైతే అయిదు తీసుకుంటాను: తీసుకున్న పక్షం స్పష్టంగా ఉందా, దానికి ఆధారం చూపారా, ఎదుటివారి వాదానికి జవాబిచ్చారా, అమరిక ఎలా ఉంది, భాష ఎలా ఉంది. ఒక్కోదానికి నాలుగు స్థాయిలు, మొత్తం 20 మార్కులు. మూడు లేదా అయిదు స్థాయిలు పెడితే నడిమి గడి ఒకటి దొరుకుతుంది, ఎటూ తేల్చుకోలేని పేపర్లన్నీ అందులోకి జారుకుంటాయి. నాలుగుంటే దిద్దేవాళ్లు ఎటో ఒకవైపు తేల్చుకోక తప్పదు.

ఎన్ని అంశాలు దేని గురించి పెట్టామన్నదే, మనం నోటితో చెప్పకపోయినా, దేనికి ఎంత విలువ ఇస్తున్నామో చెబుతుంది. ఆస్ట్రేలియాలో 3, 5, 7, 9 తరగతుల పిల్లలకు దేశమంతటా పెట్టే నాప్లాన్ పరీక్షలో 2011 నుంచి ఒప్పించే రాతకు వాడిన పట్టికలో పది అంశాలున్నాయి, మొత్తం 48 మార్కులు. అందులో స్పెల్లింగుకు 6, విరామచిహ్నాలకు 5, వాక్యనిర్మాణానికి 6. ఆలోచనలకు 5, ఒప్పించే మెళకువలకు 4. అంటే ఒప్పించే రాతను కొలిచే పట్టికలో ఆలోచనల కంటే స్పెల్లింగుకే ఎక్కువ మార్కులు. అమెరికాలో రాత పరీక్షల మీద ఏళ్ల తరబడి విమర్శలు చేసిన లెస్ పెరెల్మన్ 2018లో ఈ పట్టికను తప్పుపట్టినప్పుడు వేలు పెట్టింది ఈ తూకం మీదే. దానికి ముందెప్పుడో డీడరిక్ తయారుచేసిన కొలబద్దలో ఆలోచనలకూ అమరికకూ మిగతావాటికి రెట్టింపు మార్కులుండేవి. మన పట్టికలో అయిదింట మూడు వాదనకు సంబంధించినవి, భాషకు అయిదో వంతు. ఇది ఒప్పించే వ్యాసం కాబట్టి ఈ తూకమే సరైనదని నేను నమ్ముతాను. కథకో ఉత్తరానికో వేరే తూకం కావాలి.

ఇక గడులు నింపాలి. ‘ఆధారం’ అనే వరుసనే తీసుకుందాం. కుర్చీలో కూర్చుని రాస్తే సాధారణంగా ఇలా వస్తుంది: నాలుగో స్థాయిలో “చాలా బలమైన ఆధారాలు చూపారు”, మూడులో “తగిన ఆధారాలు చూపారు”, రెండులో “కొన్ని ఆధారాలు చూపారు”, ఒకటిలో “ఆధారాలు బలహీనంగా ఉన్నాయి”. చదవడానికి బాగానే ఉంది. కానీ బలమైనదేదో, తగినదేదో తేల్చుకునే పని మళ్లీ దిద్దేవాళ్ల మీదే పడింది. ఆ 53 మంది చేతిలో ఈ పట్టిక పెట్టినా ఫలితం పెద్దగా మారదు. ‘చాలా’, ‘తగిన’, ‘కొన్ని’ అనే మాటలు మెట్లకు పేర్లు పెడతాయి. ఆ మెట్టు మీద కాగితంలో ఏముంటుందో అవి చెప్పవు.

అందుకని కుర్చీ దిగి, ముందు పిల్లలతో రాయించాలి. 30 పేపర్లు రాగానే మార్కులు వేయకుండా, ఆధారం ఒక్కటే దృష్టిలో పెట్టుకుని నాలుగు కుప్పలుగా పేర్చాలి. ఆ తర్వాత రెండో కుప్పలోని పేపర్లన్నీ మళ్లీ చదివి, వీటన్నిటిలోనూ ఉన్నదేమిటి, మూడో కుప్పలో ఉండి వీటిలో లేనిదేమిటి అని అడగాలి. ఆ జవాబే గడిలోకి వెళ్లాలి. అలాంటి నాలుగు పేపర్ల మచ్చులు ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది: “ఫిబ్రవరి నుంచే ఎండలు మండిపోతున్నాయి. ఎండలకు పిల్లలు చాలా ఇబ్బంది పడుతున్నారు. ఈ సంగతి అందరికీ తెలుసు. అందువల్ల ఒంటిపూట బడులు ముందే పెట్టాలి.”

రెండోది: “మా తరగతి గదికి రేకుల కప్పు. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను వేస్తే వేడిగాలే వస్తుంది. అందువల్ల ఒంటిపూట బడులు ముందే పెట్టాలి.”

మూడోది: “మా గదికి రేకుల కప్పు. రెండింటి తర్వాత లెక్కల పీరియడ్‌లో సగం మంది బల్లల మీద తల వాల్చేస్తారు. సారు చెప్పిన లెక్కే మర్నాడు మళ్లీ చెబుతారు. అంటే ఆ గంట బడిలో ఉన్నా పాఠం సాగడం లేదు. అదే గంటను పొద్దున ఎనిమిదింటికి జరిపితే గది చల్లగా ఉంటుంది, చెప్పిన పాఠం ఒక్కసారికే ఎక్కుతుంది.”

నాలుగోది మూడోది చెప్పిందంతా చెప్పి, ఇంకో అడుగు వేస్తుంది: “ఇది రేకుల గదుల సంగతి. పక్కనే స్లాబు భవనంలో ఉన్న పదో తరగతికి ఇంత ఇబ్బంది లేదు. కాబట్టి అన్ని బడులకూ ఒకే తేదీ పెట్టే బదులు, రేకుల గదులున్న బడులకు ముందు పెట్టమని అడుగుతున్నాను.”

ఈ నాలుగింటికీ తేడా ‘చాలా’లోనో ‘కొంచెం’లోనో లేదు. మొదటి పిల్లాడు కారణం చెప్పి, ఆధారం అడిగితే అదే మాటను తిప్పి చెప్పాడు. రెండో అమ్మాయి కళ్లతో చూసిన ఒక నిర్దిష్టమైన సంగతి తెచ్చింది, కానీ వేడిగాలికీ బడి వేళలకూ సంబంధమేమిటో చదివేవాళ్లే ఊహించుకోవాలి. మూడో పేపరు ఆ సంబంధాన్ని రాసిపెట్టింది. నాలుగోది తన ఆధారం ఎంతవరకు చెల్లుతుందో కూడా చూసుకుని, అడిగేదాన్ని ఆ మేరకు సవరించుకుంది. ఇవే గడుల్లోకి వెళ్తాయి.

ఒకటో స్థాయి: కారణం చెప్పారు, ఆధారం స్థానంలో అదే మాటను మరోలా చెప్పారు, లేదా అందరికీ తెలుసన్నారు.

రెండో స్థాయి: నిర్దిష్టమైన సంగతి, ఉదాహరణ లేదా వివరం ఉంది; అది వాదనకు ఎలా పనికొస్తుందో రాయలేదు.

మూడో స్థాయి: నిర్దిష్టమైన ఆధారం ఉంది, అది వాదనను ఎలా నిలబెడుతుందో రాశారు.

నాలుగో స్థాయి: మూడో స్థాయిలో ఉన్నదంతా ఉంది, ఆధారం ఎంతవరకు వర్తిస్తుందో గుర్తించి, వాదనను దానికి తగినట్టు సరిచేసుకున్నారు.

ఒకటో స్థాయిలో కూడా పిల్లాడు చేసిన పని ఒకటి రాశామని గమనించండి: కారణం చెప్పాడు. కింది గడులను లేదు, రాదు, చేయలేదు అని మాత్రమే నింపితే ఆ పట్టిక పిల్లాడి చేతికిచ్చినా వాడికి ఉపయోగపడదు. రెండో స్థాయిలో ఉన్న అమ్మాయికి మూడో గడి చదివితే రేపు ఏ వాక్యం చేర్చాలో తెలియాలి. పట్టిక బాగా రాశామా లేదా అన్నదానికి నాకు తెలిసిన సులువైన పరీక్ష ఇదే.

ఇక్కడ ఒక దారి చాలామందికి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మూడు ఆధారాలుంటే నాలుగు మార్కులు, రెండుంటే మూడు, ఒకటుంటే రెండు అని పెడితే దిద్దడం తేలిక, తగాదా ఉండదు. నిజమే, ఇద్దరు టీచర్ల మార్కులు బాగా కలుస్తాయి కూడా. కానీ మరుసటి వ్యాసానికే పిల్లలు ఆ లెక్క పట్టేస్తారు. పైన చూసిన మూడో పేపరులాంటిది, ఒక్క ఆధారాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్లే రాత, రెండు మార్కుల దగ్గర ఆగిపోతుంది. “మొదటిది, ఎండ. రెండోది, వడగాలి. మూడోది, దాహం” అని రాసినవాడికి నాలుగొస్తాయి. ఇద్దరి అంకెలు కలిసినంత మాత్రాన కొలిచింది సరైన సంగతి అయిపోదు. తేలిగ్గా లెక్కపెట్టగలిగేది మనం కొలవాలనుకున్నదాన్ని పక్కకు నెట్టేయకుండా చూసుకోవాలి.

ఇంకొక చిక్కు ప్రతి తరగతిలోనూ తప్పకుండా ఎదురవుతుంది. “ఒక సర్వే ప్రకారం 80 శాతం మంది పిల్లలు ఎండల వల్ల బడి మానేస్తున్నారు” అని ఒకరు రాస్తారు. ఏ సర్వే? పరీక్ష గదిలో కూర్చున్న పిల్లాడి దగ్గర ఆ కాగితం లేదు, దిద్దేవాళ్లకు వెతికే వీలూ లేదు. అంకె కనబడగానే నిర్దిష్టమైన ఆధారమని ఒకరు మూడు వేస్తారు, కల్పించాడని ఇంకొకరు ఒకటి వేస్తారు. దీన్ని దిద్దేవేళకు వదిలేయకుండా పట్టిక కింద ఒక నియమంగా రాసుకోవాలి. నేను రాసేది ఇది: ఎక్కడిదో చెప్పని అంకెను అందరికీ తెలుసన్న మాటతో సమానంగా చూడాలి; పిల్లలు తాము చూసిందీ, లెక్కపెట్టిందీ చెబితే దాన్ని ఆధారంగా తీసుకోవాలి. “మా తరగతిలో నిన్న 42 మందిలో 11 మంది మధ్యాహ్నం రాలేదు” అన్న వాక్యానికి ఆ 80 శాతానికి లేని బరువు ఉంది. దొంగ అంకెలకు మార్కులిస్తే పిల్లలకు వాదన పేరుతో మరేదో నేర్పినవాళ్లమవుతాం. అందుకే దీన్ని నేను చిన్న సంగతిగా తీసుకోను.

వరుసల మధ్య హద్దు కూడా గీసుకోవాలి. ఒంటిపూట పెడితే మధ్యాహ్నం పిల్లలు ఇళ్లలో ఒంటరిగా ఉంటారు, చెరువుల్లో ఈతకు పోతారు అని పెద్దలు భయపడతారు. ఆ భయాన్ని ప్రస్తావించి జవాబు చెబితే అది ‘ఎదుటి వాదం’ వరుసలో లెక్కకు రావాలి. నాలుగో పేపరులోని స్లాబు భవనం మాట ఎవరి వాదానికీ జవాబు కాదు, తన ఆధారాన్ని తానే తూచుకోవడం, కాబట్టి అది ‘ఆధారం’లోకి వస్తుంది. ఈ హద్దు రాసుకోకపోతే ఒకే వాక్యానికి రెండుచోట్ల మార్కులు పడతాయి.

పట్టిక తయారైందనుకున్నాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఇద్దరు టీచర్లు ఒకరి మార్కులు ఒకరికి కనబడకుండా అవే 20 పేపర్లను దిద్దాలి. ‘ఆధారం’ వరుసలో 9 పేపర్లకు ఇద్దరూ ఒకే స్థాయి వేశారు, 9 పేపర్లకు ఒక్క స్థాయి తేడా వచ్చింది, 2 పేపర్లకు రెండు స్థాయిల తేడా వచ్చింది అనుకుందాం. ఒక్క స్థాయి తేడాను కూడా కలిసినట్టే లెక్కేసి 20కి 18, అంటే 90 శాతం ఏకీభావం అని రాసుకోవడం మామూలు. ఆ అంకెను చూసి సంబరపడకూడదు. నాలుగే స్థాయిలున్న చోట ఇద్దరూ పేపరు చదవకుండా చీటీలు తీసి మార్కులు వేసినా, నూటికి 62 సార్లకు పైగా ఒక్క స్థాయి తేడాలోపే ఉంటారు. జతలు పదహారు, వాటిలో పది అలాంటివి. అంటే 20 పేపర్లలో పన్నెండో పదమూడో ఉత్త చీటీలకే కలుస్తాయి. సరిగ్గా ఒకే స్థాయి పడ్డవి ఎన్ని అన్నదే చూడాల్సిన లెక్క. అది ఇక్కడ 9, అంటే సగం కూడా లేదు.

కలవని 11 పేపర్లను ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుంటే కారణం త్వరగానే బయటపడుతుంది. వాటిలో ఎక్కువ భాగం రెండుకూ మూడుకూ మధ్యే తగాదా పడ్డాయని అనుకుందాం. పైన రెండో పేపరును మళ్లీ చూడండి. “వేడిగాలే వస్తుంది. అందువల్ల ఒంటిపూట బడులు ముందే పెట్టాలి.” ఒక టీచర్ ‘అందువల్ల’ను చూసి సంబంధం రాశారని మూడు వేశారు. ఇంకొకరు ఆ మాట ఉత్త జోడింపేనని రెండు వేశారు. తప్పు ఇద్దరిదీ కాదు, గడిది. మూడో స్థాయి వివరణకు ఇంకొక ముక్క చేర్చాలి: “‘కాబట్టి’, ‘అందువల్ల’ ఉంటే చాలదు, ఆ సంగతి వల్ల ఏం జరుగుతోందో కనీసం ఒక వాక్యం ఉండాలి.” చేర్చాక పాత 20 పేపర్లనే మళ్లీ దిద్దడం దండగ, వాటికి ఏ మార్కు ఒప్పుకున్నారో ఇద్దరికీ గుర్తుంటుంది. కొత్త 20 తీసుకోవాలి. ఒకే స్థాయి పడ్డవి అప్పుడు 14కో 15కో పెరిగితే వివరణ పనిచేసినట్టే. పెరగకపోతే రెండు స్థాయిలకూ నిజంగా తేడా ఉందా, లేక మనం బలవంతంగా గీసిన గీతా అని ఆలోచించాలి.

మాట్లాడుకుని ఒప్పుకున్న పేపర్లలో కొన్నిటిని పట్టికతోపాటు దాచుకోవాలి. ప్రతి స్థాయికీ నిండుగా సరిపోయే పేపరు ఒకటి, గీత మీద ఉన్నది ఒకటి. గీత మీది పేపరు పక్కన అది ఎందుకు పైకి వెళ్లిందో, ఎందుకు కిందే ఉందో ఒక వాక్యం రాసిపెట్టాలి. కొత్తగా వచ్చిన టీచర్‌కు గడిలోని మాటల కంటే ఈ పేపర్లే త్వరగా అర్థమవుతాయి.

ఎంత బాగా రాసిన పట్టికనైనా ఓడించే అలవాటు ఒకటుంది. ముత్యాల్లాంటి అక్షరాలు, మొదట్లో ఒక నీతి పద్యం, మధ్యలో రెండు సామెతలు, గుక్కతిప్పుకోనివ్వని వాక్యాలు ఉన్న పేపరు చేతికొస్తుంది. తెలుగు చెప్పేవాళ్ల మనసు దానికి కరగడం సహజం. భాషకు నాలుగు వేస్తారు, అది న్యాయమే. ఆ ఊపులోనే ఆధారానికి కూడా మూడు పడిపోతుంది, ఒక్క సంగతి కూడా చూపకపోయినా. దీనికి తలకిందులుగా, ళ రాయాల్సిన చోట ల రాసి, వత్తులు ఎగరగొట్టి, దీర్ఘాలు మింగేసిన పేపరులో రేకుల గది వాదన దిట్టంగా ఉన్నా దాని ఆధారానికి ఒకటే పడుతుంది. ఒక గుణం మీది అభిప్రాయం మిగతా గుణాలన్నిటికీ పాకిపోవడాన్ని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే గుర్తించి పేరు పెట్టాడు. దీన్ని మంచి మనసుతో జయించలేం, దిద్దే వరుస మార్చాలి. ఒక్కో పేపరును అయిదు అంశాలకూ దిద్ది పక్కన పెట్టకుండా, ముందు అన్ని పేపర్లలోనూ ఆధారం ఒక్కటే చూసి మార్కులు వేసి, ఆ మార్కులు కనబడకుండా పెట్టి, మళ్లీ మొదటి నుంచి ఎదుటి వాదం చూడాలి. భాషను ఆఖరున చూడాలి. సమయం ఎక్కువ పడుతుంది. 60 మంది ఉన్న తరగతిలో ప్రతి వ్యాసానికీ ఇలా చేయడం కుదరదు. అలాంటప్పుడు ఈసారి వ్యాసానికి ఆధారం, ఎదుటి వాదం మాత్రమే దిద్దుతానని పిల్లలకు ముందే చెప్పి, ఆ రెండూ సరిగా దిద్దడం మేలు. అయిదూ హడావిడిగా దిద్దితే అన్నీ ఒకే మార్కుగా కలిసిపోతాయి, అప్పుడు పట్టిక ఉన్నా లేనట్టే.

చివరికి మార్కుల లెక్క. ఈ పట్టికలో అన్నిటికీ ఒకటో స్థాయి వచ్చినా 20కి 5 వస్తాయి, అన్నిటికీ రెండో స్థాయి వస్తే 10. రెండో స్థాయి అంటే ‘సగం వచ్చింది’ అని అర్థం కాదు, నిర్దిష్టమైన సంగతి ఉండి సంబంధం లేదని అర్థం. కానీ ప్రోగ్రెస్ కార్డు మీదికి ఎక్కేసరికి అది 50 శాతం అయిపోతుంది, ఇంట్లోవాళ్లు దాన్ని అలాగే చదువుకుంటారు. ఏ స్థాయిల కలయికను ఎన్ని మార్కులుగా మార్చాలన్నది టీచర్లు కలిసి, పేపర్లు ముందు పెట్టుకుని విడిగా నిర్ణయించుకోవాలి. తెల్లకాగితానికీ, ప్రశ్నతో సంబంధం లేని రాతకూ సున్నా గడి వేరే ఉంచాలి. కార్డు మీదికి మొత్తం అంకె వెళ్లినా, వ్యాసం పిల్లల చేతికి తిరిగి ఇచ్చేటప్పుడు అయిదు స్థాయిలూ విడివిడిగా కనిపించాలి. భాషకు నాలుగు, ఆధారానికి ఒకటి వచ్చినవాడికీ, ఆధారానికి నాలుగు, భాషకు ఒకటి వచ్చినవాడికీ మొత్తం ఒకటే కావచ్చు. వచ్చే వారం వాళ్లిద్దరూ కూర్చుని చేయాల్సిన పని మాత్రం వేరు.

వచ్చే నెల ప్రశ్న మారుతుంది, బడికి సెల్‌ఫోన్ తేవచ్చా అనో, ఊళ్లో ప్లాస్టిక్ సంచులు ఆపాలా అనో. గడుల్లోని వివరణలు చాలావరకు అలాగే ఉంటాయి, ఎందుకంటే వాటిలో ఎండ మాటా రేకుల మాటా లేవు. నమూనా పేపర్లు మాత్రం మారాలి. ఒంటిపూట బడి పేపర్లను పక్కన పెట్టుకుని సెల్‌ఫోన్ వ్యాసాలు దిద్దితే, ఏది నిర్దిష్టమైన ఆధారమో ఇద్దరు టీచర్లు మళ్లీ వేర్వేరుగా అర్థం చేసుకుంటారు. కాబట్టి కొత్త ప్రశ్నకు మొదట పది పేపర్లను ఇద్దరూ కలిసి దిద్ది, ఒప్పుకున్నవాటిని కొత్త నమూనాలుగా పెట్టుకున్నాకే మిగతా కట్ట విప్పాలి.